మూలన హెచ్‌డీఆర్ అని పడితే సరిపోతుందా?

అందరికీ నమస్కారం. టీవీలు బిగించడం, బొమ్మ సరిగ్గా కనపడేలా సెట్టింగులు సర్దడం నా పని. ఏ ఇంటికి వెళ్లినా నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "డబ్బా మీద హెచ్‌డీఆర్ అని రాశారు. యాప్‌కి నెలనెలా డబ్బు కడుతున్నాం. నిజంగా అది వస్తోందో లేదో తెలిసేదెలా?" ఇవాళ నేను ఆ ఒక్కదాని గురించే మాట్లాడతాను.

ముందుగా చెప్పాల్సిన మాట ఒకటుంది. హెచ్‌డీఆర్ వస్తోందో లేదో కంటితో చూసి తేల్చుకోవద్దు. షోరూంలో పెట్టినట్టు రెండు టీవీలు పక్కపక్కన ఉంటే తేడా తెలుస్తుంది. ఇంట్లో ఉండేది ఒక్కటే. బొమ్మ ధగధగా మెరుస్తుంటే హెచ్‌డీఆర్ వస్తోందని, చీకటిగా ఉంటే రావట్లేదని చాలామంది అనుకుంటారు. నేను చూసిన ఇళ్లలో చాలాసార్లు సంగతి దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంది. అలా ఎందుకవుతుందో అర్థం కావాలంటే అసలు హెచ్‌డీఆర్ అంటే ఏంటో కొంచెం చూడాలి.

ఒక దృశ్యం ఊహించుకోండి. రాత్రివేళ గర్భగుడిలో కర్పూర హారతి ఇస్తున్నారు. పూజారిగారు తెల్ల పంచె కట్టుకున్నారు. విగ్రహం మీద నగలున్నాయి, వెనక గోడంతా చీకటి. మీరు అక్కడే నిలబడి ఉంటే కర్పూరం మంట ఆ పంచె కంటే ఎన్నో రెట్లు ఎక్కువ వెలుగుతో కనిపిస్తుంది. మంట అంచున నారింజ రంగు, మధ్యలో పసుపు, పైన పొగ విడివిడిగా తెలుస్తాయి.

ఇదే దృశ్యం మామూలు వీడియోలో, అంటే ఎస్‌డీఆర్‌లో, ఎలా ఉంటుంది? వెలుగును నిట్లలో కొలుస్తారు. స్టూడియోలో ఎస్‌డీఆర్ వీడియోకి రంగులు సర్దేటప్పుడు మానిటర్ అత్యధిక వెలుగును 100 నిట్ల దగ్గర పెట్టుకుంటారు. ఉన్న వెలుగంతా ఆ నూటిలోనే సర్దుకోవాలి. పంచె తెల్లగా కనిపించాలంటే 70, 80 దాకా పోతుంది. ఇక మంటకు మిగిలింది ఎంత? ఆ పైన కొంచెం. అందుకే మంట మొత్తం ఒక తెల్లటి ముద్దలా అయిపోతుంది. నారింజ అంచు పోతుంది, నగల మీద తళుకు కూడా వట్టి తెల్ల చుక్కలుగా మిగులుతుంది.

హెచ్‌డీఆర్‌లో ఆ పైకప్పు తీసేశారు. ఎక్కువగా 1000 నిట్ల మానిటర్ మీద, కొన్నిసార్లు 4000 నిట్ల మానిటర్ మీద రంగులు సర్దుతారు. పంచె ఇంచుమించు ముందున్న చోటే ఉంటుంది. మంట మాత్రం 700, 800 దాకా పోగలదు. అక్కడ కూడా దాని రంగు దానికి ఉంటుంది. గోడ మీది చీకటి చీకటిగానే ఉంటుంది. కాబట్టి హెచ్‌డీఆర్ అంటే బొమ్మ మొత్తాన్ని వెలిగించడం కాదు. మంట, మెరుపు, సూర్యుడు, కారు హెడ్‌లైటు లాంటి చిన్నచిన్న చోట్లకు పైన జాగా ఇవ్వడం. మిగతా దృశ్యం ఎస్‌డీఆర్‌లో ఉన్నంత వెలుగుతోనే ఉండొచ్చు. ఈ మాట గుర్తుంచుకోండి, దీంతో తర్వాత పనుంది.

ఇంకో తేడా కూడా ఉంది, అసలు గొడవంతా అక్కడే మొదలవుతుంది. ఎస్‌డీఆర్ వీడియోలో ఫలానా చోట ఇన్ని నిట్లు ఉండాలని రాసి ఉండదు. "నీకున్న వెలుగులో ఇంత శాతం" అని మాత్రమే ఉంటుంది. మీ టీవీ 300 నిట్లు ఇవ్వగలిగితే, 100 నిట్ల దగ్గర సర్దిన బొమ్మను 300కి సాగదీసి చూపిస్తుంది. హెచ్‌డీఆర్‌లో అలా కాదు. 2014లో ఎస్‌ఎమ్‌పీటీఈ అనే సంస్థ ఒక ప్రమాణం ఇచ్చింది, దాని పేరు ఎస్‌టీ 2084. దీన్నే పీక్యూ అంటారు. ఇందులో ప్రతి అంకెకూ ఇన్ని నిట్లని ముందే తేల్చేశారు, పైన 10,000 నిట్ల దాకా. పది బిట్ల వీడియోలో 1024 మెట్లు ఉంటాయనుకుంటే, అందులో సగం మెట్లు 100 నిట్ల లోపలే అయిపోతాయి. ముప్పావు వంతుకు వచ్చేసరికి 1000 నిట్లు. చీకట్లో చిన్న తేడాను కూడా మన కన్ను పసిగడుతుంది కాబట్టి ఎక్కువ మెట్లు కిందే పెట్టారు.

ఈ పీక్యూ పునాది మీదే హెచ్‌డీఆర్10 ఉంది. అందులో సినిమా మొత్తానికి కలిపి ఒకే వివరం వస్తుంది, ఇందులో అతి ఎక్కువ వెలుగు ఇంత అని. డాల్బీ విజన్, హెచ్‌డీఆర్10 ప్లస్ అనేవి సీను సీనుకూ ఆ వివరం మార్చి పంపుతాయి. శాంసంగ్ టీవీల్లో డాల్బీ విజన్ ఉండదు, ఎల్‌జీ, సోనీ టీవీల్లో చాలావాటిలో ఉంటుంది. అందుకే ఒకే సినిమాకు మీ ఇంట్లో `Dolby Vision` అని, పక్కింట్లో `HDR` అని పడొచ్చు. దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు, రెండూ హెచ్‌డీఆరే. హెచ్‌ఎల్‌జీ అని ఇంకోటుంది. బీబీసీ, జపాన్ ఎన్‌హెచ్‌కే కలిసి టీవీ ప్రసారాల కోసం తయారుచేశాయి. యూట్యూబ్‌లో అప్పుడప్పుడు తగులుతుంది. రకాల గురించి ఇంతకు మించి అవసరం లేదు.

సరే, ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. హెచ్‌డీఆర్ మీ కంటి దాకా రావాలంటే ఆ వీడియో హెచ్‌డీఆర్‌లో తయారై ఉండాలి. మీరు కట్టే ప్లాన్‌లో అది ఉండాలి. యాప్ మీ టీవీని చూసి "ఇది హెచ్‌డీఆర్ తీసుకుంటుంది" అని నమ్మాలి. మధ్యలో టీవీకి తగిలించి యాప్‌లు నడిపే స్టిక్కో బాక్సో ఉంటే అది దాన్ని ఉన్నదున్నట్టు పంపాలి. చివరికి టీవీ హెచ్‌డీఆర్ మోడ్‌లోకి మారాలి. ఎక్కడ తెగినా సరే, బొమ్మ ఆగదు. ఎర్ర అక్షరాలతో ఎర్రర్ రాదు. చప్పుడు లేకుండా ఎస్‌డీఆర్ వస్తుంది. ఈ విషయం నాకు నిజంగా బాధగా ఉంటుంది. డబ్బు పెట్టి కొనుక్కున్న మనిషికి, నువ్వు కొన్నది రావట్లేదని చెప్పేవాళ్లే లేరు.

అందుకని మూడు చోట్ల అడగాలి. సినిమా పేరు దగ్గర ఒకసారి, యాప్ లోపల ఒకసారి, టీవీని ఒకసారి. ఈ మూడూ చెప్పేది ఒకే సంగతి కాదు. అక్కడే జనం పొరబడతారు.

సినిమా పేరు కింద వచ్చే గుర్తుతో మొదలుపెడదాం. నెట్‌ఫ్లిక్స్‌లో ఒక సినిమా పేజీ తెరిస్తే `HD` అనో, `HDR` అనో, `Dolby Vision` అనో చిన్న గుర్తు కనిపిస్తుంది. ఆ గుర్తు సినిమాను మాత్రమే చూసి పెట్టేది కాదు, మీ ప్లాన్‌ను, మీ టీవీని కూడా చూసి పెట్టేది. నెట్‌ఫ్లిక్స్‌లో హెచ్‌డీఆర్ ప్రీమియం ప్లాన్‌లోనే ఉంది. మీ ఇంట్లో `HD` అని మాత్రమే పడుతూ, అదే సినిమాకు వేరేవాళ్లింట్లో `Dolby Vision` అని పడుతోందంటే, మీ ఇంట్లో ప్లానో, పరికరమో, కనెక్షనో ఏదో ఒకటి అడ్డుపడుతోందని అర్థం. ప్లే నొక్కకముందే తెలిసిపోయే సంగతి ఇది. అయితే గుర్తు ఉంటే "ఇవ్వగలను" అని మాత్రమే అర్థం, "ఇస్తున్నాను" అని కాదు.

ఇస్తున్నది ఏంటో తేలేది యాప్ లోపల. ఈ విషయంలో యూట్యూబ్ అంత నిజాయితీగా చెప్పే యాప్ ఇంకోటి నేను చూడలేదు. టీవీలో యూట్యూబ్ తెరవండి. సెర్చ్‌లో "ఫోర్‌కే హెచ్‌డీఆర్" అని కొడితే ప్రకృతి దృశ్యాల వీడియోలు బోలెడు వస్తాయి. పేరులో హెచ్‌డీఆర్ అని రాసుకున్నవన్నీ నిజంగా హెచ్‌డీఆర్ కావు, అది కూడా మనం ఇప్పుడే కనిపెట్టేయొచ్చు. వీడియో నడుస్తుండగా పళ్లచక్రం బొమ్మ నొక్కి, `Stats for nerds` అనేది ఆన్ చేయండి. తెర మీద చిన్న అక్షరాల పట్టీ వస్తుంది. అందులో చాలా వరసలుంటాయి, మనకు కావాల్సినవి రెండే.

```
Codecs  vp09.02.51.10.01.09.16.09.00 (337)
Color   smpte2084 (PQ) / bt2020
```

`Color` అనే వరస చూడండి. అక్కడ `smpte2084` అని ఉంటే, మనం ఇందాక చెప్పుకున్న పీక్యూ అదే. పక్కన `bt2020` అన్నది విస్తృతమైన రంగుల పరిధి. ఈ రెండూ కనిపిస్తే యూట్యూబ్ మీకు హెచ్‌డీఆర్ పంపుతోందన్నది ఖాయం. `arib-std-b67` అని ఉంటే అది హెచ్‌ఎల్‌జీ, అదీ హెచ్‌డీఆరే. `bt709 / bt709` అని ఉంటే మాత్రం మీకు వస్తున్నది ఎస్‌డీఆర్. వీడియో పేరులో ఏం రాసి ఉన్నా, టీవీ డబ్బా మీద ఏం రాసి ఉన్నా సరే, అది ఎస్‌డీఆరే.

పైనున్న `Codecs` వరస చూస్తే భయం వేస్తుంది కానీ అదీ అదే మాట చెబుతోంది. అందులో `10` అన్నది పది బిట్లు. కొంచెం ముందుకెళ్తే `16` ఉంది, అదే పీక్యూ. హెచ్‌ఎల్‌జీ అయితే ఆ చోట `18` ఉంటుంది. బ్రాకెట్లో ఉన్న `337` యూట్యూబ్ తన దగ్గరున్న ఫైళ్లకు పెట్టుకున్న నంబరు. 330 నుంచి 337 దాకా ఉన్న నంబర్లు హెచ్‌డీఆర్ ఫైళ్లవి. 330 అంటే బాగా మసకగా ఉండే 144పీ, 337 అంటే ఫోర్‌కే. అంటే 144పీలో కూడా హెచ్‌డీఆర్ ఉంది! హెచ్‌డీఆర్, ఫోర్‌కే ఒకటే అనుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి చూస్తే చాలు. నెట్ నెమ్మదించి బొమ్మ మసకబారినా హెచ్‌డీఆర్ పోకపోవచ్చు. బొమ్మ ఫోర్‌కేలో స్పష్టంగా కనిపిస్తున్నా హెచ్‌డీఆర్ లేకపోవచ్చు. వాటిని విడివిడిగానే చూడాలి.

మిగతా యాప్‌లు టీవీ మీద ఇంత వివరంగా చెప్పవు. అలాంటప్పుడు యూట్యూబ్‌ను కొలబద్దగా వాడుకోండి. యూట్యూబ్‌లో `smpte2084` వస్తోందంటే మీ టీవీ, మీ స్టిక్, మీ కేబుల్ హెచ్‌డీఆర్‌కి సిద్ధంగా ఉన్నట్టే. అప్పుడు ఇంకో యాప్‌లో రాకపోతే మొదట ఆ యాప్ ప్లాన్‌నో, ఆ సినిమానో అనుమానించాలి. డాల్బీ విజన్ సంగతి మాత్రం యూట్యూబ్‌తో తేలదు, అది వేరే దారి.

ఇక మూడోది, టీవీని అడగడం. ఎల్‌జీ టీవీల్లో హెచ్‌డీఆర్ మొదలవగానే పైన కుడి మూలన ఒక గుర్తు వచ్చి కొన్ని సెకన్లలో పోతుంది. అది తప్పిపోతే ఏం చేయాలి? ఏ కంపెనీ టీవీకైనా పనికొచ్చే పద్ధతి ఒకటుంది. సినిమా నడుస్తుండగానే పిక్చర్ సెట్టింగులు తెరవండి. టీవీలు ఎస్‌డీఆర్‌కి ఒక సెట్టింగుల గుంపు, హెచ్‌డీఆర్‌కి ఇంకో గుంపు పెట్టుకుంటాయి. హెచ్‌డీఆర్ వచ్చిందంటే పిక్చర్ మోడ్ పేరు పక్కన హెచ్‌డీఆర్ గుర్తు పడుతుంది, లేదా మోడ్ పేరే మారిపోతుంది. సోనీలో డాల్బీ విజన్ వస్తే `Dolby Vision Bright`, `Dolby Vision Dark` లాంటి పేర్లు కనిపిస్తాయి. శాంసంగ్‌లో నిపుణుల సెట్టింగుల్లో గామా దగ్గరికి వెళ్లండి. ఎస్‌డీఆర్ అయితే `BT.1886` అని, హెచ్‌డీఆర్ అయితే `ST.2084` అని ఉంటుంది. మళ్లీ అదే 2084, చూశారా. ఇంకో ఆనవాలు బ్యాక్‌లైట్. మీరు ఎస్‌డీఆర్‌లో బ్యాక్‌లైట్ సగానికి పెట్టుకుని ఉంటే, హెచ్‌డీఆర్ రాగానే అది దానంతటదే పూర్తిగా పైకెళ్లి ఉంటుంది. సినిమా ఆపి మామూలు చానెల్‌కి వస్తే మళ్లీ సగానికి దిగిపోతుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. మరి టీవీ హెచ్‌డీఆర్ అంటోంది, ఇక నమ్మేయొచ్చా? టీవీ లోపలే ఉన్న యాప్ అయితే నమ్మొచ్చు. స్టిక్కో బాక్సో పెట్టుకుని ఉంటే ఆగాలి. ఈ సంగతి మీకు వివరంగా చెప్పాలి.

టీవీకి తెలిసేది హెచ్‌డీఎంఐ పోర్టులోకి ఏం వస్తోందన్నదే. ఆ వెనక యాప్ ఏం ఇచ్చిందో దానికి తెలియదు. ఫైర్ టీవీ స్టిక్ ఫోర్‌కేలో `Display & Sounds` లోకి, అక్కడ `Display` లోకి వెళ్తే `Dynamic Range Settings` అని ఉంటుంది. అందులో `Always HDR` ఎంచుకుని ఉంటే, స్టిక్ అన్నింటినీ హెచ్‌డీఆర్ కవరులో పెట్టి పంపుతుంది. హోం స్క్రీన్, పాత సినిమా, వార్తా చానెల్, అన్నీ. టీవీ పాపం ఆ కవరు చూసి హెచ్‌డీఆర్ అని గుర్తు వేస్తుంది. లోపలున్నది ఎస్‌డీఆర్ వీడియోనే. పైగా స్టిక్ దాన్ని పీక్యూలోకి మార్చేటప్పుడు తెలుపు ఎన్ని నిట్ల దగ్గర ఉండాలో తన లెక్క ప్రకారం పెడుతుంది. టీవీ బ్యాక్‌లైట్ మాత్రం పూర్తిగా పైకెళ్లి ఉంటుంది. దాంతో నలుపు బూడిదగా తేలుతుంది, రంగులు చప్పబడతాయి. అందుకే ఆ సెట్టింగ్‌ను `Adaptive` లో పెట్టుకోమంటాను. అప్పుడు వీడియో హెచ్‌డీఆర్ అయితేనే స్టిక్ హెచ్‌డీఆర్ పంపుతుంది. ఆపిల్ టీవీలో ఇదే పని చేసేది `Match Dynamic Range`. ఫార్మాట్‌ను ఎస్‌డీఆర్‌లో ఉంచి దీన్ని ఆన్ చేసుకోవాలి. సినిమా మొదలయ్యేటప్పుడు తెర ఒకటి రెండు సెకన్లు నల్లబడితే కంగారు పడకండి. మోడ్ మారుతోందన్నమాట. నిజానికి అదే మంచి రుజువు.

ఇవన్నీ ఒకే ఇంట్లో కలిసొచ్చిన సందర్భం ఒకటి చెబుతాను. మా బంధువుల ఇల్లు. 55 అంగుళాల టీవీ, కొని అయిదేళ్లవుతోంది. దాని సొంత యాప్‌లు నెమ్మదించాయని ఫోర్‌కే స్టిక్ కొని పెట్టుకున్నారు. మా బాబాయిగారి ఫిర్యాదు ఏంటంటే, "ఎప్పుడు చూసినా హెచ్‌డీఆర్ అనే వస్తోందిరా, కానీ బొమ్మ కడిగేసినట్టు ఉంది. టీవీ పోయిందేమో, కొత్తది తీసుకుందామా?"

నేను మొదట చూసింది ఆ "ఎప్పుడు చూసినా" అన్న మాటనే. వార్తా చానెల్ యాప్ పెట్టమన్నాను. దానికీ హెచ్‌డీఆర్ గుర్తే. మన తెలుగు వార్తలు ఏ యాప్‌లోనూ హెచ్‌డీఆర్‌లో రావు కదా. అంటే ఆ గుర్తు స్టిక్ వేస్తున్న గుర్తు. సెట్టింగ్ మార్చి, వీడియోను బట్టి మారేలా పెట్టాను. వార్తలు ఎస్‌డీఆర్‌కి వచ్చాయి, నలుపు నలుపుగా, రంగులు రంగులుగా కనిపించాయి. బాబాయిగారికి అక్కడితోనే సగం సంతోషం.

తర్వాత సినిమా యాప్ తెరిచాం. ఏ సినిమా చూసినా `HD` అనే ఉంది. అకౌంట్‌లో చూస్తే మధ్య ప్లాన్, అందులో హెచ్‌డీఆర్ లేదు. అంటే ఇన్నాళ్లూ ఆ యాప్‌లో ఒక్క సినిమా కూడా హెచ్‌డీఆర్‌లో చూడలేదు. గుర్తు మాత్రం ప్రతి రాత్రీ వచ్చింది. మా తమ్ముడు అప్పటికప్పుడు పై ప్లాన్‌కి మార్చాడు. యాప్ మూసి తెరిచాం. ఇంకా `HD` యే.

యూట్యూబ్ పెట్టి `Color` వరస చూశాను. `bt709`. అంటే తప్పు ఇక ప్లాన్‌ది కాదు, కనెక్షన్‌ది. టీవీ వెనక చూస్తే స్టిక్ మూడో పోర్టులో ఉంది. చాలా టీవీల్లో ఒక్కో హెచ్‌డీఎంఐ పోర్టుకు విడిగా ఒక సెట్టింగ్ ఉంటుంది. సోనీలో `HDMI signal format`, శాంసంగ్‌లో `Input Signal Plus`, ఎల్‌జీలో `HDMI Deep Color`. అది ఆన్‌లో లేకపోతే ఆ పోర్టు తనకు ఎంత సామర్థ్యం ఉందో స్టిక్‌కి పూర్తిగా చెప్పదు. ఆ ఇంట్లో మూడో పోర్టుకు అది ఆఫ్‌లో ఉంది. మరి ఇందాకటి దాకా హెచ్‌డీఆర్ గుర్తు ఎలా వచ్చిందని మా తమ్ముడు వెంటనే అడిగాడు. మంచి ప్రశ్న. ఇందాక సెట్టింగులు చూసే తొందరలో స్టిక్ ఒకసారి తీశాం, మళ్లీ పెట్టేటప్పుడు ముందున్న ఒకటో పోర్టులో కాకుండా చేతికందిన మూడోదాంట్లో పెట్టాం. ఒకటో పోర్టుకు ఆ సెట్టింగ్ ఆన్‌లోనే ఉంది. పోర్టు మారితే ఎంత తేడా వస్తుందో అందరం అక్కడే చూశాం.

మూడో పోర్టుకు కూడా ఆన్ చేశాం. అయినా వెంటనే రాలేదు. ఎందుకంటే టీవీ ఏమేం తీసుకుంటుందో స్టిక్ కనెక్షన్ మొదట్లో అడిగి గుర్తుపెట్టుకుంటుంది. స్టిక్‌ను రీస్టార్ట్ చేశాక యూట్యూబ్‌లో `smpte2084` పడింది. సినిమా యాప్‌లో `HD` పోయి `Dolby Vision` వచ్చింది. ప్లే నొక్కితే తెర ఒక్క క్షణం నల్లబడి, టీవీ మూలన అదే పేరు వచ్చింది. మూడు చోట్లా ఒకే మాట. అప్పుడు నమ్మాలి. కొత్త టీవీ కొనే పని తప్పింది.

వెనక వరసలో అమ్మగారు చేయెత్తారు, అడగండమ్మా. సరే, అందరికీ వినపడేలా మళ్లీ చెబుతాను. "మీరు చెప్పినవన్నీ మా ఇంట్లో సరిగ్గానే ఉన్నాయి, హెచ్‌డీఆర్ వస్తోంది. కానీ సినిమా చీకటిగా ఉంటోంది. మామూలుగా చూస్తేనే బాగుంది" అంటున్నారు.

మీరు చూస్తున్నది నిజమేనమ్మా, మీ కళ్లలో లోపమేం లేదు. ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇక్కడికి వస్తుంది. ఎస్‌డీఆర్‌ను మీ టీవీ 300 నిట్లకు సాగదీసి చూపిస్తోంది. హెచ్‌డీఆర్‌లో ఈ ముఖం 60 నిట్లని రాసి ఉంటే 60 దగ్గరే చూపిస్తుంది. చీకటి గదిలో కూర్చుని చూసేవాళ్ల కోసం సర్దిన లెక్క అది. మధ్యాహ్నం కిటికీలు తెరిచిన హాల్లో 60 నిట్లు ఏ మూలకి? దానికి తోడు, ఎస్‌డీఆర్‌లో అయితే వెలుగు చాలకపోతే బ్యాక్‌లైట్ పెంచుకుంటాం. హెచ్‌డీఆర్‌లో అది ముందే పైకెళ్లి కూర్చుంది, పెంచడానికి ఏమీ మిగల్లేదు.

తక్కువ ధర టీవీల్లో ఇంకో ఇబ్బంది ఉంది. డబ్బా మీద హెచ్‌డీఆర్10 అని రాయాలంటే టీవీ ఆ సిగ్నల్ తీసుకోగలిగితే చాలు. చూపించగలగాలని ఏమీ లేదు. 2016లో యూహెచ్‌డీ అలయన్స్ అనే కంపెనీల కూటమి ప్రీమియం ముద్రకు ఒక హద్దు పెట్టింది. ఎల్‌సీడీ టీవీ అయితే 1000 నిట్లకు పైగా వెలుగు, 0.05 నిట్ల లోపు నలుపు ఉండాలని. ఓలెడ్ అయితే వెలుగు 540 చాలు, నలుపు మాత్రం 0.0005 లోపు ఉండాలని. దాని పక్కన 250, 300 నిట్ల టీవీని పెట్టి చూడండి. వెయ్యి నిట్ల మంటను అది మూడొందలకు కుదించాలి. కుదించేటప్పుడు మంట తెల్లబడకుండా ఉండాలంటే మిగతావాటినీ కొంత కిందికి దించాలి. పైగా వెనకనున్న లైట్లను భాగాలుగా ఆర్పే సౌకర్యం, అదే లోకల్ డిమ్మింగ్, ఆ ధర టీవీల్లో ఉండదు. కర్పూరం కోసం లైటు పెంచితే వెనక గోడ కూడా తేలుతుంది.

చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. కరెంటు ఆదా చేసే ఎకో మోడ్, గది వెలుతురును బట్టి తగ్గించే సెన్సర్, ఈ రెండూ హెచ్‌డీఆర్ నడుస్తుండగా తెరిచి ఆపేయండి. హెచ్‌డీఆర్‌కి సెట్టింగుల గుంపు వేరని చెప్పాను కదా, ఎస్‌డీఆర్‌లో ఆపితే అక్కడ ఆగకపోవచ్చు. ఇందాక చెప్పిన కుదింపును సర్దే టోన్ మ్యాపింగ్ అనేది ఉంటే ఎక్కువ వెలుగు వైపు పెట్టండి. డాల్బీ విజన్ అయితే డార్క్ కాకుండా బ్రైట్ ఎంచుకోండి. ఇవన్నీ చేసినా చీకటిగానే ఉంటే, ఆ టీవీలో హెచ్‌డీఆర్ ఆపేసుకుని చూడండి. నా సలహా అదే. స్టిక్‌లో `Disable HDR` పెట్టుకోవచ్చు. బొమ్మ బాగా కనపడటం ముఖ్యం కానీ మూలన గుర్తు కాదు.

ఇంకొక్క ప్రశ్న తీసుకుంటాను. బాబూ, నువ్వడుగు. ఫోన్ నుంచి టీవీకి పంపిస్తే హెచ్‌డీఆర్ వస్తుందా అంటున్నాడు. ఎలా పంపిస్తున్నావన్నదాన్ని బట్టి ఉంటుంది. యాప్‌లో ఉన్న కాస్ట్ గుర్తు నొక్కితే ఫోన్ రిమోట్‌లా పనిచేస్తుంది. వీడియోను టీవీయో స్టిక్కో నేరుగా నెట్ నుంచి తెచ్చుకుంటుంది, కాబట్టి ఇందాక చెప్పిన షరతులన్నీ కుదిరితే హెచ్‌డీఆర్ వస్తుంది. స్క్రీన్ మిర్రరింగ్ అయితే ఫోన్ తన తెరను మళ్లీ వీడియోగా మార్చి పంపుతుంది. అందులో సాధారణంగా హెచ్‌డీఆర్ మిగలదు. నువ్వు మిర్రరింగ్ వాడుతున్నావా, కాస్టా అన్నది తేల్చుకోవాలంటే, బొమ్మ టీవీలో నడుస్తుండగా ఫోన్ తెర ఆపి చూడు. మిర్రరింగ్ అయితే టీవీలో బొమ్మ కూడా పోతుంది. కాస్ట్ అయితే టీవీలో నడుస్తూనే ఉంటుంది, అప్పుడు పిక్చర్ సెట్టింగులు తెరిచి మోడ్ పేరు చూసుకో.